కతకము, ముష్టి: బొమ్మతో అర్థమును సరిచూచుట

(గ్రంథాలయ రజతోత్సవ సభలో చేసిన ప్రసంగము)



నేను గురుముఖమున చదువుకొన్నవాడను గాను. పగలు గ్రామపు లెక్కలు వ్రాసికొని, రాత్రివేళ ఈ గ్రంథాలయములోని పుస్తకములను ఒక్కటొక్కటిగా ఇంటికి గొనిపోయి చదివికొన్నవాడను. గురువు లేనివానికి నిఘంటువే గురువు. ఆ గురువు చాల ఓపిక గలవాడు. ఎన్ని మారులు అడిగినను విసుగుకొనడు. కాని ఆయనకు ఒక అలవాటు కలదు. చెట్టుపేరో పనిముట్టుపేరో అడిగినప్పుడు, "వృక్షవిశేషము" అనియో, "ఒక సాధనము" అనియో చెప్పి ఊరకుండును. అనగా, చెట్లలో అదియొక చెట్టు అని మాత్రమే తెలిసినదన్నమాట. ఆ సంగతి మనకు ముందే తెలియును.

ఇందులో నిఘంటుకర్తల తప్పేమియు లేదు. కరుణ, వైరాగ్యము, ఔదార్యము వంటి మాటలకు అర్థమును మఱికొన్ని మాటలతో చెప్పవచ్చును. చెట్టునకట్లు కాదు. చెట్టును చూపవలెను. అమరకోశమున వనౌషధివర్గమును వల్లించిన పూర్వులు ఆ చెట్ల నడుమనే తిరిగినవారు. వారికి పేరొక్కటి చెప్పిన చాలును, వస్తువు కన్నులకు కట్టును. మనకు పేరు మిగిలినది, చెట్టు దూరమైనది. కనుక అర్థము ప్రక్కన బొమ్మను పెట్టి చూచుకొనుట మనకు అవసరమైనది. అయితే బొమ్మను ఎట్లు చూడవలెనో తెలియకున్నచో అర్థము తెలియకుండుటకంటెను ఎక్కువ ప్రమాదము కలుగును. ఆ సంగతి నాకు ఈ గ్రంథాలయములోనే, నా తప్పుమూలముననే, తెలిసివచ్చినది. దానినే నేడు మనవి చేసికొందును.

కొన్నేండ్ల క్రిందట ఇక్కడ ఆదివారముల సాయంకాలము కొందఱము కూడి మనుస్మృతి చదువుకొనుచుంటిమి. ఆరవ అధ్యాయమున, ఆశ్రమచిహ్నములను ధరించుట మాత్రమే ధర్మమునకు కారణము కాదను సందర్భములో, కతకవృక్షపు ప్రసంగము వచ్చును. కతకఫలము బురదనీటిని తేర్చునదే యైనను, దాని పేరు పలికినంతమాత్రమున నీరు తేరదని అక్కడి భావము. ఉపమానము చక్కగా ఉన్నది. అందఱమును తలలూచితిమి. అప్పుడు ఒక కుఱ్ఱవాడు, "బాబాయిగారూ, కతకం అంటే ఏ చెట్టు?" అని అడిగినాడు. తెలుగు అర్థము నాకు నోటికి వచ్చును. "చిల్లచెట్టు, ఇండుప అని కూడ అందురు" అని వెంటనే చెప్పితిని. "చిల్లచెట్టు అంటే ఏది?" అని వాడు మరల అడిగినాడు. నేను ఆ చెట్టును ఎన్నడును చూచియుండలేదు. పేరు పలికినంతమాత్రమున నీరు తేరదని అప్పుడే చదివి, అప్పుడే పేరు పలికి ఊరకున్నవాడను నేను!

సిగ్గుపడి, బీరువాలోనుండి బొమ్మలున్న ఒక మూలికల పుస్తకమును తీసి చూపితిని. అందులో కతకమునకు ఎదురుగా ఒక కొమ్మ బొమ్మ కలదు. ఆకులు రెండేసి చొప్పున ఎదురెదురుగా ఉన్నవి. ప్రతి ఆకునకును మొదటినుండి కొనవఱకు మూడు గాని ఐదు గాని ఈనెలు స్పష్టముగా సాగియున్నవి. మూలను గుండ్రని గింజ యొకటి, నూగుతో కూడినది, వేసియున్నారు. బొమ్మ క్రింద "స్ట్రిక్నాస్" అను శాస్త్రనామము ఒక్క మాటగా ముద్రితమైయున్నది. "ఇదిగో, ఇదే చిల్లచెట్టు" అని నేను నిశ్చయముగా చెప్పితిని. కుఱ్ఱవాడు ఆ బొమ్మను శ్రద్ధగా చూచికొని వెళ్లినాడు.

పదిదినములు గడచిన పిమ్మట వాడు ఒక సంచిలో గింజలు తెచ్చినాడు. "బాబాయిగారూ, చిల్లగింజలు దొరికాయి. కొండవాలున చెట్టు ఉంది. ఆకు బొమ్మలో ఉన్నట్టే ఉంది, ఈనెలు లెక్కపెట్టి చూశాను" అన్నాడు. అది వానకాలము, చెరువునీరు బురదగా ఉన్నది. గ్రంథాలయపు అరుగుమీద కుండలో ఆ నీరు పోసి, వాడు ఒక గింజను తడిపి కుండలోపలి గోడకు రుద్దసాగినాడు. మేమందఱము వేడుక చూచుచుంటిమి. నీరు తేరిన తరువాత తలకొక గ్రుక్కెడు త్రాగి చూడవలెనని పిల్లలు పందెము కూడ వేసికొన్నారు.

అప్పుడు ఆ దారిని మేకలను తోలుకొని పోవుచున్న ఒక వృద్ధుడు నిలిచి, సంచిలోనికి తొంగిచూచి, "ఓరి నాయనా, అవి ముష్టిగింజలు రా! ఆ నీళ్లు ఎవరూ ముట్టకండి, కుండ పగలగొట్టండి" అని కేక వేసినాడు. మేము కుండను పగులగొట్టి, ఆ పెంకులను నీటితోకూడ దూరముగా గోతిలో పూడ్చి, చేతులు కడిగికొంటిమి. ఎవరును త్రాగలేదు. ముష్టిగింజలో స్ట్రిక్నిన్, బ్రూసిన్ అను విషములు కలవు. అవి నరములమీద పనిచేసి, ఒడలి కండరములు కొయ్యబాఱి బిగుసుకొనునట్లు చేసి, ఊపిరి సలుపనీయక ప్రాణము తీయగలవు. వైద్యులు దానిని శుద్ధిచేసి ఔషధములలో కొలతమీద వాడుదురు. శుద్ధి యెఱుగనివాడు దానిని ముట్టరాదు. ఆ వృద్ధుడు ఆ వేళకు రాకున్నచో ఏమి జరిగియుండునో నేను ఇప్పటికిని తలచుకొనజాలను.

ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. కుఱ్ఱవాడు అజాగ్రత్తగా చూచినాడా? లేదు. ఆకులు ఎదురెదురుగా ఉన్నవో లేదో చూచినాడు, ఈనెలు లెక్కపెట్టినాడు, గింజమీది నూగును కూడ చూచినాడు. అన్నియు బొమ్మతో సరిపోయినవి. బొమ్మ అబద్ధమా? అదియు కాదు. అది కతకపు బొమ్మయే. అర్థము తప్పా? తప్పు గాదు, కతకమనగా చిల్లచెట్టే. అన్నియు సరియైనవే యైనను ఫలితము విషమైనది. మరి పొరపాటు ఎక్కడ జరిగినది?

కొన్నిదినములు వెదకిన పిమ్మట ఆ సంగతి తేటపడినది. కతకమును ముష్టియు ఒకే కుటుంబపు చెట్లు. అంతకంటెను దగ్గఱగా, ఒకే ప్రజాతికి చెందిన అక్కచెల్లెండ్రు. శాస్త్రజ్ఞులు ప్రతి మొక్కకును రెండు మాటల పేరు పెట్టుదురు. మొదటి మాట ఇంటిపేరు వంటిది, రెండవది దాని సొంత పేరు. కతకము స్ట్రిక్నాస్ పొటటోరమ్. ముష్టి స్ట్రిక్నాస్ నక్స్‌వామికా. మా పుస్తకమున బొమ్మ క్రింద ఇంటిపేరు మాత్రమే ఉన్నది, సొంతపేరు లేదు. ఎదురెదురు ఆకులు, మూడైదు ఈనెలు, గింజమీది నూగు, ఇవన్నియు ఆ ఇంటి పోలికలు. అక్కకును చెల్లెలికిని సమానముగా ఉండునవి. ఒక ఇంటి పిల్లను ముక్కు చూచి గుర్తించితిమందుము. ఆ ముక్కు ఆ ఇంటిలో అందఱికిని ఉన్నదని మనము ఎఱుగము.

కావున నేను తెలిసికొన్న సూత్రము ఒక్కటే. బొమ్మను చూచి "ఔను, ఇదే" అనుకొనుట సరిచూచుట కాదు. ఈ వస్తువుతో పొరపడదగిన మఱొక వస్తువు ఏదో కనుగొని, దాని బొమ్మను కూడ ప్రక్కన పెట్టి, రెంటికిని భేదము ఎక్కడ నున్నదో చూచి, "ఇది అది కాదు" అని చెప్పగలిగినప్పుడే అర్థము స్థిరపడును. నా వృత్తిలోని మాటతో చెప్పవలెనన్నచో, పద్దు మొత్తము సరిపోయినంతమాత్రమున లెక్క సరియైనట్లు కాదు. ఒకరి జమ మఱియొకరి పేర పడియున్నను మొత్తము సరిపోవును.

ఇక ఆ పనిని నేను ఎట్లు చేసితినో వరుసగా మనవి చేయుదును.

మొదట, బొమ్మ జోలికి పోకముందే, గ్రంథము ఆ వస్తువును గూర్చి ఏమి చెప్పుచున్నదో ఒక కాగితముమీద వ్రాసికొంటిని. కతకము విషయమున గ్రంథము చెప్పునది, దాని ఫలము నీటిని తేర్చును అని. వైద్యనిఘంటువులలో దీనికి పయఃప్రసాది అను పేరు కూడ కలదు. నీటిని నిర్మలము చేయునది అని దాని అర్థము. ఇట్లు ముందుగా వ్రాసికొనుట ఎందుకన్నచో, బొమ్మను ఒకమారు చూచిన తరువాత మన కన్ను బొమ్మలో ఉన్నదానినే గ్రంథములోను చదువును. కాగితముమీద ముందు వ్రాసినది మారదు.

రెండవది, తెలుగు అర్థమునుండి రెండు మాటల శాస్త్రనామమునకు పోవుట. దీనికి 1852లో అచ్చయిన బ్రౌనుదొర తెలుగు-ఇంగ్లీషు నిఘంటువు మిక్కిలి ఉపకరించును. మన నిఘంటువులు వృక్షవిశేషమని విడిచిన చాల చోట్ల ఆయన శాస్త్రనామమును కూడ చేర్చినాడు. ఇండుప అను మాటయొద్ద చూచిన పొటటోరమ్ దొరకును. లాటినుభాషలో ఆ మాటకు "త్రాగువారిది" అని అర్థము. త్రాగునీటిని తేర్చు గుణమునుబట్టియే ఆ పేరు వచ్చినది. అనగా మన పయఃప్రసాదియు వారి పొటటోరమును ఒకే గుణమును చెప్పుచున్నవి. నా కాగితముమీది మాటకు ఇది మొదటి సాక్ష్యము. అయితే ఇక్కడ ఒక జాగ్రత్త అవసరము. పాత పుస్తకములలోని శాస్త్రనామములు కొన్ని తరువాత మారినవి. మోదుగకు పాత పుస్తకములలో బ్యూటియా ఫ్రాండోసా అని ఉండును. నేడు బ్యూటియా మోనోస్పెర్మా అందురు. పాత పేరుతో వెదకి బొమ్మ దొరకనిచో మొక్కయే లేదనుకొనరాదు. మన రెండు చెట్ల పేరులు మాత్రము మారలేదు. ముష్టికి లిన్నేయసు 1753లో పెట్టిన పేరే నేటికిని నిలిచియున్నది.

మూడవది, శాస్త్రనామమునుండి నమ్మదగిన బొమ్మకు పోవుట. ఇక్కడ మన ఆంధ్రదేశమునకు ఒక భాగ్యము కలిగినది. విలియం రాక్స్‌బరో అను స్కాట్లండు దేశపు వైద్యుడు 1780ల నాటికి మన సామర్లకోటలో నివసించి, చుట్టుప్రక్కల కొండలలోను, తీరమునను పెరుగు మొక్కలను పరీక్షించినాడు. ఈ దేశపు చిత్రకారులను నియమించి, మొక్కను ఎదుట పెట్టి బొమ్మలు వ్రాయించినాడు. మొక్కలకు తెలుగువారు పిలుచు పేరులను కూడ వ్రాసికొన్నాడు. 1793లో ఆయన కలకత్తా వృక్షోద్యానమునకు వెళ్లినాడు. ఆ బొమ్మలలో 300 ఏర్చి, కోరమాండల్ తీరపు మొక్కలు అను పేర, లండనులో 1795 మొదలు 1820 వఱకు మూడు సంపుటములుగా ప్రకటించిరి. ఆ పుస్తకము నేడు అంతర్జాలమున ఉచితముగా చూడదొరకును. మన గ్రంథాలయపు కంప్యూటరులోనే నేను చూచితిని.

ఆ పుస్తకపు మొదటి సంపుటమును తెఱచినప్పుడు నాకు ఒడలు జలదరించినది. నాల్గవ బొమ్మ ముష్టి. దాని వెంటనే ఐదవ బొమ్మ చిల్ల. రెండువందల యేండ్లకు పూర్వమే ఆ గ్రంథకర్త అక్కచెల్లెండ్రను ప్రక్కప్రక్కనే నిలిపియుంచినాడు. మా పుస్తకము ఒక్కతెనే చూపినది.

నాల్గవది, పోల్చుట. రెండు బొమ్మలను కాగితములమీద అచ్చు తీయించి, బల్లమీద ప్రక్కప్రక్కన పెట్టి, ముందుగా రెంటికిని సమానముగా ఉన్నవాటిని కొట్టివేయుచు వచ్చితిని. ఎదురెదురు ఆకులు కొట్టివేసితిని. ఈనెలు కొట్టివేసితిని. ఇక మిగిలినది కాయ, గింజ, పూవు ఉన్న చోటు. ముష్టికాయ నారింజపండువలె గుండ్రనై, పండినప్పుడు నారింజరంగునే పొంది, గట్టి బెరడు కలిగియుండును. దానిలో తెల్లని గుజ్జు నడుమ గింజలు పలువు ఉండును. చిల్లకాయ మిక్కిలి చిన్నది; పండినప్పుడు నల్లనగును; లోపల సాధారణముగా ఒక్క గింజయే. ముష్టిపూలు కొమ్మల కొనలయందు గుత్తులుగా పూయును. చిల్లపూలు ఆకుల మొదళ్లయందు పూయును. ముష్టి ఆకు వెడల్పై, నిగనిగలాడుచు, కాడ కలిగియుండును. చిల్ల ఆకు చిన్నది, కాడ ఉన్నదో లేదో అన్నట్లుండును.

గింజల సంగతి వేరుగా చెప్పవలెను. ఎందుకన్నచో పొరపాటు అక్కడనే జరిగినది. నూగు రెంటికిని ఉండును. రెండును పైనుండి చూచిన గుండ్రముగనే కనబడును. అయితే ముష్టిగింజ బిళ్లవంటిది. చదునుగా ఉండి, ఒకవైపు కొంచెము పల్లము పడియుండును. చిల్లగింజ చదునుగా ఉండదు. రెండువైపులను ఉబ్బి, పెసరబద్దలు రెండును కలిసియున్న గింజవలె నిండుగా నుండును. ఈ భేదము ప్రక్కనుండి చూచిననే తెలియును. మా పుస్తకమున గింజను పైనుండి మాత్రమే చూపిరి. కావున బొమ్మలో ఆ భేదము కనబడుటకు వీలే లేదు.

పరిమాణము మఱియొక భేదము. ముష్టిగింజ అడ్డుకొలత సుమారు 2 సెంటీమీటర్లు. చిల్లగింజ అందులో సగము మాత్రమే. కాని పుస్తకమున బొమ్మ ప్రక్కన కొలత వేయనిచో ఈ భేదము కూడ నశించును. రెంటిని ఒకే పరిమాణమున అచ్చు వేయవచ్చును. అంతర్జాలపు బొమ్మలలో ఈ చిక్కు మఱింత ఎక్కువ, వ్రేలితో లాగినంత బొమ్మ పెరుగును గదా. అందుచేత నేను ఒక సులువైన ఉపాయమును పాటించితిని. 2011లో వచ్చిన రూపాయినాణెము అడ్డుకొలత సుమారు 22 మిల్లీమీటర్లు. బొమ్మయందు ఇచ్చిన కొలతనుబట్టి గింజ యొక్క నిజపరిమాణమును గీసి, ప్రక్కన ఆ నాణెమును పెట్టి చుట్టును గీత గీసితిని. ముష్టిగింజ ఇంచుమించు నాణెమంత వచ్చినది. చిల్లగింజ నాణెముపై పెట్టిన చుట్టును అంతట అంచు కనబడినది. ఇక దానిని పిల్లలు మఱచిపోరు.

ఐదవది, వస్తువును చూచుట. బొమ్మతోనే ఆగిపోరాదు. పట్టణమునకు పోయినప్పుడు మూలికల అంగడిలో చిల్లగింజలు కొన్ని కొంటిని. పదింటిని ఒక వరుసగా పేర్చి కొలిచిన సుమారు 9 సెంటీమీటర్లు వచ్చినది. అన్నియు రెండువైపుల ఉబ్బినవే. నాణెముపై పెట్టి చూచితిని, సరిపోయినది. అందులో చదును గింజ యొక్కటియైనను కలిసియున్నదేమో అని ఒక్కొక్కటిగా ప్రక్కకు త్రిప్పి చూచితిని, లేదు. అప్పుడు నా కాగితముమీది మొదటి మాటకు తిరిగి వచ్చితిని: నీటిని తేర్చునది. గింజను కుండలోపలి గోడకు ఒకటి రెండు నిమిషములు గట్టిగా రుద్ది, నీటిని కదలింపక ఉంచవలెనని రాక్స్‌బరో ఈ దేశపు ఆచారమును వర్ణించినాడు. అట్లే చేసితిని. గింజ విడుదల చేసిన పదార్థము నీటిలో తేలు సన్నని మట్టిరేణువులను ఒకదానితో నొకటి అంటించును. అవి బరువెక్కి అడుగున చేరును. ప్రక్కన గింజ రుద్దని కుండలోను అదే నీరు పోసియుంచితిని. రుద్దిన కుండలో పైనీరు ముందుగా తేటపడినది. మనుస్మృతిలోని ఆ ఉపమానము నాకు ఆనాడు అర్థమైనది. అంతవఱకు నాకు తెలిసినది పేరు మాత్రమే.

అయినను ఆ నీటిని మేము త్రాగలేదు. తేటనీరు వేఱు, శుద్ధజలము వేఱు. గింజ బురదను దించును గాని రోగక్రిములన్నింటిని తొలగింపదు. త్రాగవలెనన్నచో మరగకాచవలెను. ప్రాచీనగ్రంథమున ఫలానా చెట్టు గుణము ఇట్టిదని చదివి, బొమ్మతో సరిచూచికొంటిమని, దానిని నోట పెట్టుకొనరాదు. బొమ్మ మనకు మాట అర్థమును ఇచ్చును, ఔషధమును ఇయ్యదు.

ఈ పద్ధతి చెట్లకే కాదు, పనిముట్లకును వర్తించును. ఒక్క ఉదాహరణము చెప్పి ఊరకుందును. పట్టణములో పెరిగిన నా మేనల్లుడు ఒక పుస్తకమున గుంటక బొమ్మను చూచి, గొఱ్ఱు అని చదివినాడు. వాని తప్పు గాదు. ఎడ్లు, కాడి, పొడుగు మాను, వెనుక మేడిని పట్టుకొన్న మనిషి, ఇవి రెంటికిని ఉండును. గుంటకకు అడుగున అడ్డముగా ఇనుపపట్టె ఉండును. అది కలుపును కోయును, మట్టిని సమము చేయును. గొఱ్ఱునకు అడుగున నిలువుగా పండ్లు ఉండును. విత్తునప్పుడు పైన జడ్డిగములో పోసిన గింజలు గొట్టములగుండ ఆ చాళ్లలో పడును. భేదమంతయు నేలకు తగులు చోటనే కలదు. చిత్రకారుడు పొలములో పని జరుగుచుండగా బొమ్మ వేసినాడు. భేదము మట్టిలో మునిగియున్నది! బొమ్మ అందమైనదే, కాని చూపవలసినదానినే దాచినది. గుంటకను బోర్లించి వేసిన బొమ్మ అంత అందముగా ఉండదు గాని, అదియే అర్థమును చెప్పును. ఏ బొమ్మనైనను చూచినప్పుడు, ఈ వస్తువునకును దాని పొరుగు వస్తువునకును భేదము ఏ భాగమున ఉన్నది, ఆ భాగము ఈ బొమ్మలో కనబడుచున్నదా అని అడుగవలెను. కనబడనిచో ఆ బొమ్మ సాక్ష్యమునకు పనికిరాదు.

బొమ్మలో నమ్మరానివి మఱి రెండు కలవు. మొదటిది రంగు. పాతకాలపు పుస్తకములలో బొమ్మలకు చేతితో రంగులు వేసిరి. ప్రతికిని ప్రతికిని రంగు కొంత తేడాగా ఉండవచ్చును, కాలము గడచిన కొలది మారవచ్చును. నేటి అచ్చులోను, తెరమీదను ఇదే చిక్కు. ముష్టిపండు నారింజరంగు, చిల్లపండు నలుపు అనునంత పెద్ద భేదమైన నమ్మవచ్చును. ఇది కొంచెము పసుపు, అది కొంచెము గోధుమ అనునంత చిన్న భేదమును రంగునుబట్టి తేల్చరాదు. రెండవది తెలుగు పేరు. ముష్టిని ముషిడి యని కొందఱందురు. అది ఉచ్చారణభేదమే, చిక్కు లేదు. కాని ఒక సీమలో ఒక చెట్టునకున్న పేరు మఱొక సీమలో వేఱు చెట్టునకు ఉండవచ్చును. అంతర్జాలమున తెలుగు పేరుతో వెదకినచో బొమ్మలు కలగాపులగముగా వచ్చునది ఇందుచేతనే. రెండు మాటల శాస్త్రనామమును పూర్తిగా వ్రాసి వెదకవలెను. ఒక్క మాట వ్రాసిన ఏమి జరుగునో మేము చూచితిమి.

ఆ ముప్పు తప్పిన తరువాత మేము మన గ్రంథాలయములో ఒక చిన్న ఏర్పాటు చేసికొంటిమి. ప్రబంధములలోను పురాణములలోను వచ్చు చెట్లకు, పనిముట్లకు ఒక్కొక్క చీటీ వ్రాయుచున్నాము. చీటీమీద మొదట ఆ మాట, అది వచ్చిన గ్రంథము, అక్కడ దానిని గూర్చి చెప్పిన గుణము వ్రాయుదుము. తరువాత తెలుగు అర్థము, రెండు మాటల శాస్త్రనామము, బొమ్మ ఏ పుస్తకమున ఎన్నవదో వ్రాయుదుము. కడపట ఎఱ్ఱసిరాతో "కానిది" అని ఒక వరుస వ్రాయుదుము. కతకపు చీటీమీద ఆ వరుసలో ఇట్లున్నది: "కానిది ముష్టి. ముష్టిగింజ చదును, నాణెమంత. చిల్లగింజ ఉబ్బు, అందులో సగము." ఈ కానిది అను వరుస నిండనిచో ఆ చీటీని పెట్టెలో చేర్చము. అట్టి చీటీలు బల్లమీద ఒక కట్టగా పడియున్నవి. అవి పెట్టెలోనివానికంటె ఎక్కువ. మాట అర్థము తెలిసినదనుకొని, దానికి పొరుగెవరో తెలియక ఆగిపోయినవి అవి. ఆ కట్టను చూచినప్పుడెల్ల, ఇన్నేండ్లుగా నేను అర్థమైనదనుకొని చదివినది ఎంత, నిజముగా అర్థమైనది ఎంత అని నాలో నేను లెక్క వేసికొనుచుందును. నిల్వ తక్కువగనే తేలుచున్నది.

నాడు మేకలను తోలుకొని వచ్చిన ఆ వృద్ధుడు ఇప్పుడు లేడు. ఆయన ఏ నిఘంటువును చదువలేదు. కతకమను మాట ఆయన ఎన్నడును వినియుండడు. కాని సంచిలోనికి తొంగిచూచి, అది ఏది కాదో మాకంటె ముందు తెలిసికొన్నవాడు ఆయనయే. నా బల్లమీది కట్టలో ఉన్న చెట్లపేరులలో చాలవఱకు ఆయన ఈడువారిలో ఒకరిద్దఱు ఇంకను ఈ చుట్టుప్రక్కల చూపగలవారు ఉన్నారు. వచ్చు ఆదివారమునుండి, వారు ఒప్పుకొన్నచో, ఆ చీటీలను, అచ్చు తీసిన బొమ్మలను తీసికొని వారివెంట కొండవాలునకు పోవలెనని నిశ్చయించుకొంటిమి. ఆనాడు గింజలు తెచ్చిన కుఱ్ఱవాడు, ఇప్పుడు పెద్దవాడైనాడు, రూపాయినాణెమును జేబులో వేసికొని ముందు నడచుటకు సిద్ధముగా ఉన్నాడు.